ఎడమచెయ్యి సంగతి

విజయవాడ,
గురువారం రాత్రి

చిట్టితల్లీ,

మీ అమ్మ ఫోన్‌లో "నాన్నకి కాస్త నూనె చిందింది" అని చెప్పిందట. నువ్వు కంగారు పడతావని అలా చెప్పింది. కాస్తేం కాదు. వివరంగా రాస్తాను, కుడిచెయ్యి బాగానే ఉంది కదా.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి టీ టైము బజ్జీలు వేస్తున్నా. పెద్ద మూకుట్లో పన్నెండు లీటర్ల దాకా నూనె, బాగా కాగి ఉంది. ఆ భట్టీ కింద ముక్కాలి ఇనప స్టాండు నీకు గుర్తుందా, సెలవులకి వచ్చినప్పుడు చూశావు. దాని ఒక కాలికి వెల్డింగ్ పగిలి ఇరవై రోజులైంది. సూపర్‌వైజర్‌కి రెండుసార్లు చెప్పాను. "వెల్డర్ని పిలుస్తా మాస్టారూ" అన్నాడు, పిలవలేదు. ఆటోనగర్‌లో పది అడుగులకో వెల్డింగ్ షాపు ఉంటుందమ్మా, మా క్యాంటీన్‌కి మాత్రం వెల్డర్ దొరకలేదు! చివరికి నేనే ఒక ఇటుక ముక్క కాలి కింద తోశాను. ఆ తప్పు నాదే. రోజూ నూనె, శనగపిండి జారే గచ్చు మీద ఇటుక ఎంతసేపు నిలుస్తుంది?

అడుగున ఉన్న బజ్జీల్ని చిల్లుల గరిటతో తీద్దామని మూకుడు అంచు మీద గరిట ఆనించి నొక్కాను. మూకుడు కదలకుండా ఎడమచేత్తో మసిగుడ్డ వేసి చెవి పట్టుకున్నాను. ఇటుక జారింది, మూకుడు నావైపు ఒరిగింది. నూనె అంచు దాటి ఎడమచేతి వెనకభాగం మీద, మణికట్టు దాటి మోచేతి సగం దాకా పడింది. మూకుడు పూర్తిగా తిరగబడి ఉంటే ఈ ఉత్తరం మీ అమ్మ రాసేది.

మసిగుడ్డ నూనె పీల్చుకుని చేతిని పట్టుకునే ఉంది. నేను మాత్రం గుడ్డ ఉంది కదా అనుకుంటూ చేతిని అలాగే బిగించాను. నీళ్ళయితే కారిపోతాయి, నూనె చర్మానికి అంటుకుని ఇంకా కాలుస్తూనే ఉంటుంది. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను కేక విని పరుగెత్తుకొచ్చాడు, ఫైర్ ట్రైనింగ్ అయినవాడు. ముందు గ్యాస్ కట్టేశాడు, తర్వాత ఆ గుడ్డ లాగేసి నన్ను సింకు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ట్యాప్ తిప్పితే వేడి నీళ్ళు! మే నెలలో మూడింటికి మిద్దె మీది సింటెక్స్ ట్యాంకు ఎలా ఉంటుందో నీకు తెలుసు. అతను ఒక్క క్షణం వేలు పెట్టి చూసి, తాగే నీళ్ళ క్యాన్లు తెమ్మన్నాడు. చేతిని సింకు మీద ఉంచి, మగ్గుతో సన్నగా, ఆపకుండా పోశారు. రెండు ఇరవై లీటర్ల క్యాన్లు అయిపోయాయి. గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు పోయించాడు. అయిదు నిమిషాలకే మంట తగ్గినట్టయి "చాల్లే బాబూ" అన్నాను. ఒప్పుకోలేదు. "పైన చల్లబడింది మాస్టారూ, లోపల ఇంకా కాలుతోంది" అన్నాడు. వెంటనే చెయ్యడమే మేలట, ఒకవేళ ఆలస్యమైనా మూడు గంటల లోపల ఇలా నీళ్ళు పోస్తే ఉపయోగం ఉంటుందని డాక్టర్ తర్వాత చెప్పారు.

ఈలోగా వైద్యులు పెరిగారు. గిన్నెలు తోమే పిన్ని టూత్‌పేస్టు తెచ్చింది, స్టోర్ అబ్బాయి పసుపు, జ్యూస్ కౌంటర్ వాడు ఐసు ముక్కలు. పాపం ప్రేమే, కానీ సెక్యూరిటీ అతను ముగ్గుర్నీ దూరం పెట్టాడు. ఐసు పెడితే అసలే కాలిన చోట రక్తం అందక చర్మం ఇంకా పాడవుతుందట. పేస్టు, పసుపు పూస్తే డాక్టర్‌కి గాయం కనబడదు, కడిగేటప్పుడు మళ్ళీ నరకం.

ఇంకొకటి నాకు తట్టనిది అతనికి తట్టింది. నీళ్ళు పోస్తూనే నా వెండి ఉంగరం తీసేశాడు, మణికట్టుకి ఉన్న దుర్గమ్మ గుడి ఎర్రదారాన్ని కత్తెరతో కత్తిరించాడు. నాకు మనసొప్పలేదు. ఆసుపత్రికి వెళ్ళేసరికి చెయ్యి ఉబ్బిన తీరు చూస్తే, ఆ దారం ఉంటే ఉరితాడులా బిగిసి ఉండేది.

తర్వాత పార్సిళ్ళకి వాడే పల్చటి ప్లాస్టిక్ చుట్ట తెప్పించి, పైన ఉన్న రెండు చుట్లు తీసి పారేసి, శుభ్రమైన పొరని చేతి పొడవునా పరిచాడు. చుట్టలేదు, ఉబ్బినప్పుడు బిగుస్తుందని. చెయ్యి ఎత్తి పట్టుకుని ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. చేతులు, ముఖం, పాదాలు, కీళ్ళు కాలితే చిన్నదైనా డాక్టర్‌కి చూపించాల్సిందేనట.

డాక్టర్ కొలిచిన పద్ధతి నీకు చెప్పాలి. నా అరచెయ్యి వేళ్ళతో సహా ఒళ్ళంతటిలో ఒక శాతం అట. నా కాలిన చోటు రెండు అరచేతులంత, అంటే రెండు శాతం. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ రంగు వచ్చింది, మంట కూడా ఉంది. అది మంచి గుర్తట. మణికట్టు పక్కన రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ మాత్రం నొక్కినా మారలేదు, నొప్పీ లేదు. నేను అదే నయం అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు: నొప్పి లేకపోవడం లోతుగా కాలినందుకే. రెండు మూడు వారాల్లో మానకపోతే అక్కడ చర్మం అతకాల్సి రావచ్చు. టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారు, షుగర్ టెస్ట్ చేశారు. గాయానికి అంటుకోని జిడ్డు గుడ్డ వేసి కట్టు కట్టారు. పొక్కుల్ని ఇంట్లో చిదమొద్దని, వేళ్ళు కదిలిస్తూ ఉండమని చెప్పారు.

నిన్న పొద్దున వెల్డర్ వచ్చాడు! సూపర్‌వైజర్ ప్రమాదాల పుస్తకంలో "మాస్టర్ చెయ్యి జారింది" అని రాయబోయాడు. నేను సంతకం పెట్టలేదు. జారింది ఇటుక, విరిగింది స్టాండు కాలు. సెక్యూరిటీ అతను ఏదీ కదపకముందే ఫొటో తీసి ఉంచాడు. ఇటుక నేనే పెట్టానన్న మాట కూడా రాయించి, అప్పుడు పెట్టాను. ఈఎస్ఐ కార్డు ఉంది కాబట్టి పనికి పోలేని రోజులకి జీతంలో 90 శాతం దాకా వస్తుంది, కాగితాలు సరిగ్గా ఉంటే. అందుకే అంత పట్టుబట్టాను. లేకపోతే సూపర్‌వైజర్‌తో గొడవ నాకెందుకు?

ఇక నీ సంగతి. మీ హోటల్ ఫ్రయర్‌ని 180 మీద పెట్టినా నూనె పొగలొస్తోందని పోయిన వారం అన్నావు. నేను నవ్వి ఊరుకున్నాను. అది నూనె పాతదై కావచ్చు, లేదా వేడిని చూసి ఆపే థర్మోస్టాట్ పాడై ఉండొచ్చు. కొత్త నూనె పోయించి, నువ్వు వాడే థర్మామీటర్ నూనెలో ముంచి చూడు, మీ చెఫ్ పక్కన ఉండగానే. 180 దాటి ఇంకా ఎక్కుతూనే ఉంటే స్విచ్ ఆపించి టెక్నీషియన్ వచ్చేదాకా ముట్టుకోవద్దు. విపరీతంగా వేడెక్కితే కరెంటు తెంచే ఇంకో కట్-ఆఫ్ అందులో విడిగా ఉంటుంది, అది పనిచేస్తోందో లేదో కూడా అతన్నే చూడమను. ఎంత చూపించిందో రేపు రాత్రి ఫోన్‌లో చెప్పు.

శనివారం కట్టు మారుస్తారు. మీ అమ్మ రోజూ అన్నం కలిపి పెడుతోంది, కుడిచెయ్యి ఉన్నా వినడం లేదు.

మీ నాన్న

తా.క. టూత్‌పేస్టు తెచ్చిన పిన్ని మొన్నటినుంచీ అలిగింది. ఆమెకి నువ్వు ఒకసారి ఫోన్ చెయ్యి.