గురువారం ఆడిట్: ఆధారాలు ఇలా పెట్టండి
అందరికీ నమస్తే. గురువారం ఆడిటర్లు మన రుషికొండ ఆఫీసుకి వస్తున్నారు. యాక్సెస్ రివ్యూకి మేనేజర్ 'ఓకే' అన్న మెయిల్ ఒక్కటే చాలదు. సిస్టమ్ నుంచి తీసిన యూజర్ల లిస్టు, తీసిన తేదీతో సహా కావాలి. ఎక్సెల్‌లో చేత్తో సర్దింది వద్దు. సిస్టమ్ నుంచి తీసిన లిస్టుని హెచ్‌ఆర్ ఇచ్చిన రాజీనామాల లిస్టుతో సరిచూడండి. జూన్ 30న మానేసిన మనిషి వీపీఎన్ అకౌంట్ జూలై 12 రివ్యూలో బయటపడిందనుకోండి: తీసేయమన్న టికెట్టు, తీసేశాక స్క్రీన్‌షాట్, ఆ మధ్యలో ఎవరైనా లాగిన్ అయ్యారో లేదో చూపే లాగ్, మూడూ పెట్టండి. తేదీలు మాత్రం దిద్దొద్దు, దయచేసి.

లాగులు సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం 180 రోజులు ఉండాలి. సెట్టింగ్ చూపిస్తే సరిపోదు, డిస్కు నిండితే పాతవి ముందే చెరిగిపోతాయి. అందుకే అన్నిటికంటే పాత లైను తీసి పెట్టండి. ప్యాచ్ రికార్డులు వచ్చేశాయి, రీబూట్ కాని సర్వర్లవి తప్ప. బుధవారం మధ్యాహ్నంలోగా అన్నీ ఫోల్డర్‌లో ఉండాలి.