ప్యాకెట్‌కు మిగిలేది ఎంత?

చిన్నీ,

నీ పిండి వ్యాపారానికి ఐదు లక్షల పెట్టుబడి అడుగుతూ ఆదివారం డాక్టరు గారికి ఐదు నిమిషాల్లో చెప్పబోయే మాటలు రాసి పంపావు కదా, రెండుసార్లు చదివాను. కిలో దోసెల పిండి ప్యాకెట్ షాపుకు 75 రూపాయలకు ఇస్తున్నావు. బియ్యం, మినప్పప్పు, కవరు, ఆటో కలిపి 51 అవుతోంది. అందుకని ప్యాకెట్‌కు 24 మిగులుతోందని రాశావు. మరి వాపసు వచ్చేవి ఏవమ్మా?

బ్రెడ్ ఏజెన్సీ నడిపిన పదకొండేళ్లూ నన్ను ముంచింది ఆ వాపసులే. వేసిన వంద ప్యాకెట్లలో పది పులిసి, కవరు ఉబ్బి తిరిగొస్తున్నాయని నువ్వే ఫోన్‌లో చెప్పావు. అంటే డబ్బు వచ్చేది 90 ప్యాకెట్లకే, 6,750. ఖర్చు మాత్రం వందకీ అయింది, 5,100. మిగిలింది 1,650. ప్యాకెట్‌కు పదహారున్నర, 24 కాదు.

ఇప్పుడు అద్దె, ఇద్దరి జీతాలు, కరెంటు, నువ్వు తీసుకోకుండా వదిలేస్తున్న నీ 15,000 కూడా కలిపితే నెలకు 82,500. దాన్ని పదహారున్నరతో భాగిస్తే 5,000 ప్యాకెట్లు. నువ్వు వేస్తున్నది 3,000. అంటే నీ 15,000 కూడా లెక్కేస్తే నెలకు 33,000 నష్టం. ఆ 15,000 నువ్వు తీసుకోవడం మొదలుపెడితే బ్యాంకులో ఉన్న రెండు లక్షలు ఆరు నెలలకే సరిపోతాయి. ఈ మాట దాచకు, ముందే చెప్పు. ఆయన అడిగాక బయటపడితే మిగతా లెక్కలనూ నమ్మరు.

ఆ వెంటనే అసలు సంగతి చెప్పాలి. పిండి పులుస్తున్నది రాత్రిపూట ఫ్రిజ్ ఆపేసే షాపుల్లో. అలాంటి ఇరవై షాపులకు 15,000 చొప్పున చిన్న ఫ్రిజ్‌లు పెడితే మూడు లక్షలు. వాపసు పది నుంచి ఐదుకు తగ్గితే ప్యాకెట్‌కు 20 రూపాయల పావలా మిగులుతుంది, 4,100 ప్యాకెట్లు దాటితే నష్టం ఉండదు. నువ్వు అడిగే ఐదు లక్షల్లో మిగతా రెండు, అప్పటిదాకా లోటు పూడ్చడానికి. అయితే ముందు రెండు షాపుల్లో పెట్టి నెల రోజులు చూడు. తగ్గుతుందని నువ్వు అనుకోవడం వేరు, తగ్గిందని చూపించడం వేరు.

వాటా దగ్గర ఒక జాగ్రత్త. కంపెనీ విలువ 50 లక్షలు అని ఊరుకోవద్దు. ఆయన డబ్బు కలిపాక 50 అయితే ఐదు లక్షలకు 10 శాతం. కలపకముందే 50 అయితే మొత్తం 55, ఆయనది 9 శాతం పైచిలుకు. ఏది నీ మనసులో ఉందో కాగితం మీద రాయి.

అమ్మకాల గ్రాఫులు తీసెయ్. ఐదు నిమిషాలకు ఇంతే చాలు. వాపసుల పుస్తకం మాత్రం వెంట తీసుకెళ్లు, షాపువారీగా చూపించు. తెలియనిది అడిగితే, లెక్క చూసి రేపు చెప్తానండి అను.

శనివారం రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చెయ్యి. డాక్టరు గారి బదులు నేను అడుగుతాను.

నాన్న