కంపెనీ బ్యాంకు ఖాతా మారుతోంది, డబ్బు పంపేముందు ఇది చదవండి

డీలర్లందరికీ నమస్కారం. వచ్చే నెల 1 నుంచి మన కంపెనీ ఖాతా వేరే బ్యాంకుకు మారుతోంది. కొత్త నంబరు ఈ గ్రూపులో పెట్టం. ఎవరైనా పెడితే, అది నా పేరుతో వచ్చినా, నమ్మకండి.

లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో ఉన్న కాగితాన్ని మన సేల్స్ అబ్బాయి సరుకుతోపాటు తెచ్చి ఇస్తాడు. అది అందాక మీ దగ్గరున్న పాత బిల్లు తీసి, దాని మీద అచ్చయిన ల్యాండ్‌లైన్‌కి మీరే ఫోన్ చేయండి. కాగితం మీదున్న ఫోన్ నంబరుకు వద్దు, దొంగ కాగితమైతే ఆ నంబరూ దొంగదే అవుతుంది. ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు మేం చెప్తాం, మీరు సరిచూసుకోండి.

నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబరును బట్టే జమవుతుంది, మీరు రాసిన పేరును బట్టి కాదు. అందుకే బెనిఫిషియరీని చేర్చేటప్పుడు యాప్‌లో బ్యాంకు చూపించే పేరు చదవండి. అక్కడ కంపెనీ పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే ఆగిపోండి. పేరు సరిపోతే ముందు ఒక్క రూపాయి పంపి, అందిందని ఫోన్‌లో మాతో చెప్పించుకున్నాకే బిల్లు మొత్తం వేయండి.

పాత ఖాతా మరో మూడు నెలలు పనిచేస్తుంది, అందులో వేసినా మాకు చేరుతుంది. కాబట్టి "ఈరోజే కొత్తదానిలో వేయాలి, లేకపోతే సరుకు ఆపేస్తాం" అని ఎవరైనా తొందరపెడితే వాళ్లు మావాళ్లు కారు.

మోసపోయి వేరే ఖాతాలో వేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, మీ బ్యాంకుకు ఫోన్ చేయండి. డబ్బు అవతల ఖాతాలోంచి కదిలేలోపు చెబితేనే ఆపగలుగుతారు. ఆ తర్వాత మాకు చెప్పండి.