పద్దూ, నీ ఆర్డర్‌కి జవాబు

ఒసే పద్దూ,

నీ మెసేజ్ చూసి నాలుగు రోజులైంది. జవాబివ్వలేదని మొహం మాడ్చుకుని ఉంటావని తెలుసు. రెండు ముక్కల్లో చెప్పేస్తే ఇంకా మాడుస్తావని ఈ ఉత్తరం. మీ ఆడపడుచు సీమంతానికి 8 కిలోల అరిసెలు, కిలో 350, బెల్లం మీ అత్తగారి ఊరి నుంచి పంపిస్తామన్నారు, వరలక్ష్మీ వ్రతం మర్నాటికి హైదరాబాద్ చేరాలి. అంతేగా? చివర్లో చెప్తాను. ముందు ఈ ఏడాదంతా ఏం జరిగిందో విను, నువ్వెలాగూ ఒక్కసారి కూడా కొట్టుకి రాలేదు.

కిందటేడు శ్రావణంలో కొట్టు తెరిచాను కదా. రాజమండ్రిలో పిండివంటల కొట్టు పెట్టడమంటే చెరువు గట్టున కూర్చుని నీళ్ళమ్మడం లాంటిదని మా ఆయన అననే అన్నారు. అయినా మొదటి వారంలోనే పెద్ద ఆర్డర్ వచ్చేసరికి నా కాళ్ళు నేల మీద లేవు. ఒక పెద్దావిడ, కూతురి సారెకి 10 కిలోల అరిసెలు కావాలంది. కిలో 420 చెప్పాను. ఆవిడ నవ్వి, "కొత్త కొట్టువి, మొదటి బోణీ నాది, 340 చేసుకో, మా వీధంతా నీ దగ్గరికే పంపిస్తాను" అంది. ఒప్పేసుకున్నాను. ఆవిడ వెళ్ళగానే కాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టాను కూడా.

అరిసెలంటే ఏంటో నీకు తెలుసు, మీ అమ్మమ్మ చేస్తుంటే మనిద్దరం పక్కన కూర్చుని పచ్చి చలిమిడి దొంగిలించేవాళ్ళం. తినేవాళ్ళకి తెలీని సంగతి ఒకటుంది. ముందు రోజే 5 కిలోల బియ్యం నానబోయాలి. తెల్లారి వార్చి, తడి ఆరకముందే మరకి పంపాలి. ఆ పిండి జల్లించి, గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. ఆరిపోయిందంటే అరిసె గట్టిపడుతుంది. పాకం దగ్గర నేనే నిలబడతాను. నీళ్ళలో చుక్క వేసి వేళ్ళతో కూడదీస్తే మెత్తటి ఉండ అవ్వాలి. లేతగా దింపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పన్ను విరుగుతుంది. ఇక వేయించడం. మూకుట్లో ఒక్క వాయికి మూడే. ఒకరు తట్టి వేస్తుంటే ఇంకొకరు తీసి చెక్కల మధ్య నూనె ఒత్తాలి. 10 కిలోలంటే 220 పైచిలుకు. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలెడితే ఆరు దాటింది. సత్తెమ్మక్క, ఇంకో అమ్మాయి, నేను, ముగ్గురం ఆ రోజు ఇంకో పని ముట్టుకోలేదు.

ఆవిడ 3,400 లెక్కపెట్టి ఇచ్చింది. రాత్రి పుస్తకం తీశాను. బియ్యం, బెల్లం, నువ్వులు, నూనె, నెయ్యి, మర ఆడించిన కూలి కలిపి 1,280. గ్యాస్ 280. ఇద్దరికీ కూలి 1,200. అట్టపెట్టెలకి 200, ఆటోకి 150. మొత్తం 3,110. అంటే 290 మిగిలింది! సంతోషంగా మా ఆయనకి చూపిస్తే, "మరి అద్దె?" అన్నారు. అద్దె, కరెంటు కలిపి రోజుకి 350 పడుతుంది. ఆ పుస్తకం మూసేసి పడుకున్నాను.

నిద్ర పట్టలేదు, కానీ అసలు సంగతి ఇంకా నాకు తట్టలేదు. మర్నాడు సత్తెమ్మక్క చీపురు పట్టుకుని ఊడుస్తూ, "నిన్న పొయ్యి ఎవరికి అద్దెకిచ్చావమ్మా? పావలా రాలేదు కదా" అంది. ఆవిడ నాలుగు ఇళ్ళల్లో వంటలు చేసిన మనిషి, బళ్ళో కూర్చోలేదు గానీ లెక్క నాకంటే బాగా తెలుసు. నిన్న మధ్యాహ్నానికే కొట్లో జంతికలు అయిపోయాయి, చేగోడీలు లేవు, వచ్చినవాళ్ళని వెనక్కి పంపాను. మామూలు రోజున ఆ ఒక్క పొయ్యి మీదే చిల్లర అమ్మకానికి వండుకుంటే, ఖర్చులన్నీ పోను 900 దాకా నా చేతిలో ఉంటుంది. అంటే నేను పోగొట్టుకుంది 60 కాదే, వెయ్యికి కాస్త తక్కువ.

ఆ రోజు నుంచి నా పుస్తకంలో ఒక కొత్త గీత వచ్చింది. సరుకు ఖర్చు రాస్తాను, కూలి రాస్తాను, ఆ కింద 'పొయ్యి ఎన్ని పూటలు' అని రాస్తాను. పూటకి 450. బియ్యం, బెల్లం ఎంతైనా తెచ్చుకోవచ్చు, ఇంకో మనిషినీ పెట్టుకోవచ్చు. నా సందులో రెండో పెద్ద పొయ్యికి చోటు లేదు. కాబట్టి ఏ ఆర్డరైనా ముందు పొయ్యికి అద్దె కట్టాలి. ఆ లెక్కన అరిసెలు కిలో 436 దగ్గర తేలాయి. నేను 340కి ఇచ్చింది అదీ.

తెలిస్తే మాత్రం ఏం, వద్దని చెప్పడం నోటికి రావాలిగా! దసరాకి ఒక ఆఫీసు వాళ్ళు సెప్టెంబర్ 10న వచ్చి, 150 డబ్బాల మిక్చర్ కావాలన్నారు. లెక్క బాగానే వేశాను, పొయ్యి అద్దె కూడా వేశాను. 2,000 అడ్వాన్సు తీసుకుని ధర రాసిచ్చాను. నాలుగు రోజులకి, 14న, కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం సున్నా నుంచి 20 శాతానికి, శుద్ధి చేసిన నూనె మీద 12.5 నుంచి 32.5కి పెంచింది. మన ఊరి టోకు షాపులో పాత ధరకి టిన్ను ఇవ్వమంటే నవ్వాడు. లీటరుకి ఇరవై పైనే ఎక్కువ పెట్టి కొన్నాను. మిక్చర్ అంటే నూనెలో పుట్టి నూనెలో పెరిగేదే కదా. లాభం మొత్తం మూకుట్లో కలిసిపోయింది, పైగా డబ్బులు దీపావళి దాటాక ఇచ్చారు. తప్పు వాళ్ళది కాదులే, రాసిచ్చింది నేనే. ఇప్పుడు చీటీ మీద 'ఈ ధర వారం రోజులే' అని రాస్తున్నాను. సగం అడ్వాన్సు లేందే నూనె టిన్ను మూత తియ్యను.

ఇక కార్తీకంలో జరిగింది విను, నీకు పనికొచ్చే కథ. మా వీధి చివర వాళ్ళ బంధువులు. "బియ్యం, బెల్లం, నెయ్యి అన్నీ మావే, నువ్వు కిలోకి 100 కూలి తీసుకుని చేసిపెట్టు" అన్నారు. సరుకు మనది కాదు, నష్టం ఎక్కడొస్తుంది అనుకున్నాను. బెల్లం వచ్చింది, చూడ్డానికి బంగారంలా ఉంది. పాకం పెడితే ఎంతసేపు కాచినా ఉండ కట్టదే! సత్తెమ్మక్క ఒక ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించి, "ఉప్పు బెల్లమమ్మా ఇది" అంది. ఉప్పు నేలల్లో పండిన చెరకు బెల్లానికి ఒక్కోసారి ఆ రుచి వస్తుందట. ఇంకాస్త కాచి చూద్దామని కాచాను. మొదటి అరిసె నూనెలో వేశాను. ఒక్క క్షణం చక్కగా పొంగింది. తర్వాత అంచు దగ్గర చిన్న బుడగ, అక్కణ్ణుంచి సన్నటి చీలిక, కళ్ళ ముందే ముక్కలై మూకుడంతా పాకిపోయింది. రెండోదీ అంతే. నూనె నల్లబడింది. చివరికి నా బెల్లం 3 కిలోలు వేసి, మళ్ళీ పాకం పట్టి, పిండిని సర్ది పని కానిచ్చాను. వాళ్ళు తిని ఏమన్నారో తెలుసా? "మా బెల్లం మంచిది, నువ్వే సరిగ్గా చెయ్యలేదేమో, రుచి వేరేగా ఉంది." నా బెల్లం డబ్బులు అడగడానికి కూడా నోరు రాలేదు.

సంక్రాంతికి మాత్రం నోరొచ్చింది. భోగికి వారం ముందు శ్రావణంలో వచ్చిన ఆ మొదటి పెద్దావిడే వచ్చింది. ఈసారి 15 కిలోలు. "360 ఇస్తాలే, పెంచాను చూడు" అంది. ముందు అబద్ధం ఆడాను. పనివాళ్ళు పండక్కి ఊరెళ్ళారన్నాను. ఆవిడ వెంటనే, "దానికేం, మా ఇంట్లో పనమ్మాయిల్ని ఇద్దర్ని పంపిస్తాను" అంది! అబద్ధానికి ఎప్పుడూ అదే గొడవ, అవతలివాళ్ళు దాన్ని సర్దిపెట్టేస్తారు. ఇక తప్పలేదు. "460కి అయితే చేస్తానండీ. నూనె పెరిగింది. పండగ వారం పొయ్యి ఖాళీ లేదు. తక్కువలో కావాలంటే మార్కెట్ దగ్గర మిషన్ మీద చేసేవాళ్ళున్నారు, కనుక్కోండి" అన్నాను. చెప్తున్నంతసేపూ చేతులు కౌంటర్ కింద వణుకుతున్నాయి. ఆవిడ చెప్పులు వేసుకుంటూ, "మొదట్లో ఇలా ఉండేదానివి కాదమ్మాయ్" అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. వీధంతా చెప్పేస్తుందని ఒకటే టెన్షన్. చెప్పే ఉంటుంది కూడా. కానీ ఆ అరిసెలు ఒప్పుకోకపోవడంతో పొయ్యికి మిగిలిన రెండు రోజుల్లో జంతికలు, బూందీ లడ్డు వండి కౌంటర్‌లో పెడితే భోగి ముందురోజు సాయంత్రానికి గిన్నె అడుగు కనిపించింది. కనుమ నాడు ఆవిడ మళ్ళీ వచ్చింది. నా మొహం చూడకుండా, "జంతికలు అరకిలో" అంది. తూచి ఇచ్చాను. చిల్లర కూడా ఇద్దరం మాట్లాడుకోకుండానే ఇచ్చుకున్నాం. ఇప్పటికీ నెలకోసారి వస్తుంది, అరిసెల ఊసెత్తదు.

అందరికీ వద్దనట్లేదులే. అరిసెలు సగం తగ్గించి, ఆ సగానికి సున్నుండలు పెట్టుకోమంటాను. మినుములు వేయించడానికే కాసేపు పొయ్యి కావాలి, మిగతాదంతా చేతిపనే. మనవాళ్ళు సారెలో లెక్క చూస్తారు గానీ ఏది ఎక్కువుందో చూడరు.

ఇప్పుడు నీ సంగతి. వరలక్ష్మీ వ్రతం వారమంతా పొయ్యి నిండిపోయింది. 8 కిలోల అరిసెలు చెయ్యలేను, 350కి అసలే చెయ్యలేను. నీ పెళ్ళికి మా అమ్మ ఊరికే చేసిపెట్టింది కదా అంటావు. అమ్మకి అద్దె లేదే.

సున్నుండలు 5 కిలోలు చేసిస్తాను, కిలో 520. నీకూ అదే ధర, మీ అత్తగారికీ అదే ధర. సగం ఈ వారంలో ఫోన్‌లో పంపు. గురువారం రాత్రి బస్సులో పార్సిల్ వేస్తాను, శుక్రవారం పొద్దున్నే మీ తమ్ముణ్ణి బస్టాండుకి పంపించు. మా ఇంట్లో వాళ్ళకని పక్కన పెట్టుకున్న అరిసెల్లో ఓ పది నీకోసం అందులో పెడతాను, వాటికి లెక్క లేదు.

బెల్లం మాత్రం పంపించకు.

నీ,
రాజీ