బ్యాంకు కోసం రెండో నంబర్ పెట్టుకున్నవాళ్లు ఒకసారి చూసుకోండి

అందరికీ నమస్కారం. బ్యాంకు మెసేజ్‌లకూ, ఆన్‌లైన్ అకౌంట్లకూ విడిగా నంబర్ పెట్టుకోవడం మంచి పనే. మనం రోజూ అందరికీ ఇచ్చే నంబర్ అకౌంట్‌కు లింక్ అయి ఉండదు కాబట్టి, బ్యాంకు పేరుతో ఆ నంబర్‌కు కాల్ వస్తే మోసమని వెంటనే తెలిసిపోతుంది.

కానీ ఆ సిమ్ వాడకుండా వదిలేస్తేనే ప్రమాదం. మా బాబాయికి అదే జరిగింది. ఓటీపీలు వస్తున్నాయి కదా, సిమ్ పనిచేస్తోందిలే అనుకున్నారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం మనకు వచ్చే ఎస్ఎంఎస్ వాడకం కింద లెక్కకు రాదు. 90 రోజుల పాటు ఒక్క కాల్, పంపిన మెసేజ్, డేటా ఏదీ లేకపోతే ప్రీపెయిడ్ నంబర్ ఆపేయవచ్చు. తర్వాత అదే నంబర్ ఇంకొకరికి వెళ్తుంది, మన ఓటీపీలు కూడా వాళ్లకే. బాబాయి నంబర్ మార్చుకోవడానికి బ్యాంకు చుట్టూ మూడుసార్లు తిరిగారు పాపం.

అందుకే నెలకొకసారి ఆ సిమ్ నుంచి ఇంట్లో వాళ్లకు ఒక కాల్ చేయండి. రీఛార్జ్ గడువు క్యాలెండర్‌లో రాసుకోండి. ఇంకో మాట: యూపీఐ యాప్ రిజిస్టర్ అయ్యేటప్పుడు ఆ సిమ్ నుంచే ఎస్ఎంఎస్ వెళ్తుంది. కాబట్టి సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, మెసేజ్‌కు బ్యాలెన్స్ కూడా ఉండాలి.