ధరలతో పెరిగే బాండు మళ్లీ తెండి, కానీ 2013లోలా కాదు

కేంద్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కారాలు.

చెన్నై పెరంబూరు నుంచి రాస్తున్నాను. ఇక్కడ ప్రైవేటు కంపెనీల్లో పనిచేసి రిటైరైన తెలుగువాళ్లకు ఏటా ఐటీ రిటర్నులు నింపిపెడుతుంటాను. ప్రభుత్వ పింఛనుదారులకైతే ధరలు పెరిగినప్పుడు డీఆర్ అనే కరువు భృతి పెరుగుతుంది. వీళ్లకు ఆ దారి లేదు, పీఎఫ్ డబ్బుతో వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్టే ఆధారం.

పది లక్షలకు 7 శాతం వడ్డీ అనుకోండి, ఏడాదికి 70,000 వస్తుంది. అదే ఏడాది ధరలు 5 శాతం పెరిగితే, అసలు విలువ నిలవడానికే అందులో 50,000 పక్కన పెట్టాలి. ఎవరు పెడతారు? అంతా ఇంటిఖర్చుకే పోతుంది. మీ శాఖ మాత్రం మొత్తం 70,000నూ ఆదాయంగానే లెక్కేస్తుంది.

ధరల సూచీతో పాటు అసలు మొత్తమే పెరిగే బాండు ఈ లోటు పూడుస్తుంది. 2 శాతం వడ్డీతో అలాంటిది ఉంటే, పై లెక్కలో అసలు 10,50,000 అవుతుంది, వడ్డీ 21,000 వస్తుంది. చిక్కల్లా, 21,000తో ఏడాది గడవదు. అందుకే పెరిగిన అసలులో కొంత ఏటా తీసుకునే వీలుండాలి. 40,000 తీసుకున్నా 10,10,000 మిగులుతుంది. అసలు విలువ కొద్దిగా తరుగుతుంది, నిజమే. కానీ ఎంత తరుగుతోందో మనిషికి కనిపిస్తుంది.

2013 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ద్వారా కేంద్ర ప్రభుత్వమే చిన్న మదుపుదారుల కోసం పదేళ్ల పత్రాలు తెచ్చింది. వాటి వడ్డీ వినియోగదారుల ధరల సూచీ పెరుగుదల, దానిపై 1.5 శాతం. సూచీ ఎంపిక సరైనదే. అదే ఏడాది జూన్‌లో వచ్చిన 1.44 శాతం బాండును టోకు ధరలకు ముడిపెట్టారు, టోకు ధరలు తగ్గిన కాలంలోనూ మా కిరాణా బిల్లు తగ్గలేదు. కానీ డిసెంబరు పత్రంలో వడ్డీ అంతా పదేళ్ల చివర్లోనే చేతికొచ్చేది. ముందే తీసుకోవాలంటే 65 దాటినవాళ్లు కూడా ఏడాది ఆగాలి, పైగా చివరి వడ్డీలో సగం జరిమానా. అరవై ఎనిమిదేళ్ల మనిషికి పదేళ్లు ఆగమంటే ఎలాగండీ?

పన్ను దెబ్బ ఇంకోటి. ధరలు 6 శాతం పెరిగితే మొత్తం రాబడి 7.5 శాతం. 20 శాతం శ్లాబులో ఉన్నవాడికి పన్ను పోను సరిగ్గా 6 మిగులుతుంది, అంటే అదనపు లాభం సున్నా. 30 శాతం శ్లాబులోవాడికి 5.25, అంటే నష్టమే. ధరల నుంచి కాపాడతానన్న పత్రం పన్ను దగ్గర చేతులెత్తేసింది. పూర్తిగా లాభపడేది పన్ను కట్టనక్కర్లేనంత తక్కువ ఆదాయం ఉన్నవాళ్లే, వాళ్లకేమో ఏటా చేతికి డబ్బు కావాలి.

కాబట్టి అడిగేది ఇది: పన్ను ధరల పెరుగుదలకు పైన ఇచ్చే స్థిర వడ్డీకే వేయండి, ధరల వల్ల పెరిగిన భాగానికి వద్దు. సీనియర్ సిటిజన్లు జరిమానా లేకుండా ఏటా కొంత తీసుకోనివ్వండి. రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ వెబ్‌సైట్‌తో పాటు పోస్టాఫీసు కౌంటర్లోనూ అమ్మండి.

ఖజానాకు భారమంటారేమో. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర ఉంచుతామని లక్ష్యం పెట్టుకున్నది మీరూ రిజర్వు బ్యాంకూ కలిసే. అది నిలిస్తే ఈ బాండు మీకు చవకే పడుతుంది.

భవదీయుడు,
పెరంబూరు, చెన్నై