5 వోల్టుల పవర్ సప్లై కిట్: ప్యాకెట్‌లో ఏముంటాయి, మీరేం తెచ్చుకోవాలి

"పవర్ సప్లై కిట్ అని పేరు పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఎలా అమ్ముతున్నారు?"

ఇకముందు కూడా ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వం. చాలా మల్లగుల్లాలు పడ్డాకే ఇది తేల్చుకున్నాం. కోఠిలో మా దుకాణానికి వచ్చే చాలామంది దగ్గర పాత రేడియోలోంచి తీసినది ఒకటి ఉండనే ఉంటుంది. పైగా ఎవరికి ఎంత కరెంటు కావాలో తెలియకుండా ఏదో ఒక సైజు అంటగట్టడం మాకు ఇష్టం లేదు. బ్రిడ్జి, కెపాసిటర్ దాటాక చేతికొచ్చేది ట్రాన్స్‌ఫార్మర్ రేటింగ్‌లో సుమారు 60 శాతమే కాబట్టి, అర ఆంపియర్ కావాలంటే 1 ఆంపియర్‌ది కొనాలి. రెండు ఎల్‌ఈడీలు వెలిగించేవాళ్లకు అంత బరువు, దాని కొరియర్ ఖర్చు దండగ.

అయితే ఈ సంగతి డబ్బు కట్టకముందే కనబడాలి. అందుకే పేరులోంచి 'పూర్తి' అన్న మాట తీసేశాం. అమ్మకం తగ్గినా సరే, మళ్లీ పెట్టం.

ఫొటో కిందే ప్యాకెట్‌లో వచ్చేవి రాశాం: 7805 ఐసీ ఒకటి, 4007 డయోడ్లు నాలుగు, 1000 మైక్రోఫారాడ్ 25 వోల్టుల కెపాసిటర్, 0.33, 0.1 మైక్రోఫారాడ్ చిన్న కెపాసిటర్లు ఒక్కొక్కటి, ఎల్‌ఈడీ, దానికి 470 ఓమ్ రెసిస్టర్, బోర్డు. మీరు తెచ్చుకోవలసినవి: 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, మెయిన్స్ వైరు, ఫ్యూజు, దాని హోల్డర్, డబ్బా, హీట్ సింక్. 100 మిల్లీ ఆంపియర్ల లోపు వాడకానికి హీట్ సింక్ అక్కర్లేదు. అర ఆంపియర్ లాగితే మాత్రం 7805లో 3 వాట్ల వేడి పుడుతుంది, హీట్ సింక్ లేకపోతే ఐసీ కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ 9-0-9 రకమైతే మధ్య వైరు, ఒక చివర వాడి, రెండో చివరకు స్లీవ్ తొడగండి. రెండు చివర్లూ కలిపితే 18 వోల్టులవుతుంది, ఆ దెబ్బకు కెపాసిటర్ ఉబ్బుతుంది.

మమ్మల్ని బాగా నొప్పించింది మా సరఫరాదారు. 25 వోల్టుల కెపాసిటర్లు అడిగితే ఒక లాటులో 16 వోల్టులవి కలిపి పంపాడు, "9 వోల్టుల సర్క్యూట్‌కు ఇది చాలదా" అన్నాడు. చాలదు. ఆ 9 ఏసీ లెక్క. దాని గరిష్ఠ వోల్టేజి 12.7, డయోడ్లలో 1.4 పోతే 11.3. ఇది లోడు ఉన్నప్పటి మాట. లోడు లేకపోతే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 11 దాకా ఇస్తుంది, అప్పుడు కెపాసిటర్ మీద 14 దాటుతుంది. మెయిన్స్ 230 నుంచి 250కి ఎక్కితే 16 అంచుకు వచ్చేస్తుంది. అలా నడిచిన కెపాసిటర్ త్వరగా పాడవుతుంది, లోడు పెట్టగానే 5 వోల్టుల్లో గుర్రుమనే హమ్ మొదలవుతుంది. అవి కొన్ని ప్యాకెట్లలో వెళ్లడంతో మేం కక్కుర్తి పడ్డామని కొందరన్నారు. ఆ లాటులో మిగిలిందంతా వెనక్కి పంపేశాం, అతని దగ్గర ఇక కొనం.

మీ దగ్గరున్న కెపాసిటర్ మీద 16 అని ఉంటే తీసుకురండి, 25ది ఊరికే ఇస్తాం. బోర్డుకు టంకం వేసేసి ఉంటే బోర్డే తెండి, మేమే మార్చిస్తాం. ఇంట్లో మార్చుకునేవాళ్లు ప్లగ్గు పీకి, కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ పది సెకన్లు ఆనించాకే టంకం ఊడదీయండి. కొత్తదాని మీద గీత ఉన్నవైపు కాలు నెగటివ్.